పన్ను పోగా 12 లక్షలు మిగలాలంటే ఎన్ని బస్తాలు ఆడించాలి? ముగ్గురు మూడు లెక్కలు చెప్పారు

పలాస_పిక్క

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. నేనూ, మా బావమరిదీ పార్టనర్లం, రిజిస్టర్ చేసిన ఫర్మ్. వచ్చే ఏడాది పన్ను కట్టేశాక ఇద్దరికీ కలిపి 12 లక్షలు మిగలాలని అనుకున్నాం. దానికి ఎన్ని బస్తాల పిక్కలు ఆడించాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

మా ఖర్చులు ఇవీ, జీఎస్టీ ఎక్కడా కలపలేదు. 80 కిలోల బస్తా ఆడిస్తే నిండు పప్పు అంటే గుండ్లు, బద్ద, ముక్క, తొక్క అన్నీ అమ్మిన డబ్బు సగటున 14,000. పిక్కలు కిలో 135 చొప్పున బస్తా 10,800. కటింగ్, పొట్టు తీయడం, గ్రేడింగ్ కూలి 1,250. కట్టెలు, కరెంటు, టిన్నులు, లారీ, కమీషన్ కలిపి 450. అన్నీ పోగా బస్తాకి 1,500 మిగులుతోంది.

బస్తాలు ఆడినా ఆడకపోయినా తప్పని ఖర్చు ఏడాదికి 18 లక్షలు. షెడ్డు అద్దె 3.6, సూపర్‌వైజర్, గుమాస్తా, వాచ్‌మన్ జీతాలు 6, ఇన్సూరెన్సు, లైసెన్సులు 1.2, బ్యాంకు వడ్డీ 4.2, మిషన్ల తరుగుదల 3.

బావమరిది 2,000 బస్తాలు చాలంటున్నాడు. మా గుమాస్తా 2,250 అంటున్నాడు. బావమరిది స్నేహితుడొకడు ఎక్సెల్ షీటు పంపాడు, అందులో 2,907 వచ్చింది. మా షెడ్డులో రోజుకి 9 బస్తాలకు మించి ఆడవు, పని రోజులు 250. అంటే 2,250 దాటితే ఇంకో కటింగ్ బల్ల వేయాలి. అందుకే ఈ తేడా నాకు పెద్ద విషయం.

రాజాం_రైడర్

మూడూ కలిపి మూడుతో భాగించెయ్, అందరూ సంతోషిస్తారు.

కోట_జంక్షన్

మీ గుమాస్తాదే కరెక్టు. ఫర్మ్‌కి పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2. 12 లక్షల మీద 31.2 శాతం అంటే 3.74 లక్షలు. 12కి అది కలిపితే 15.74. దానికి మీ 18 లక్షలు కలిపి 1,500తో భాగిస్తే 2,250. మీ షెడ్డు కూడా సరిగ్గా సరిపోయింది, ఇంకేటి కావాలి?

గజపతినగరం_గుమాస్తా

కోట_జంక్షన్ గారు పన్ను రేటు సరిగ్గానే చెప్పారు. కానీ ఆ రేటును పెట్టిన చోటు తప్పు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు మీ చేతిలో మిగిలిన 12 లక్షల మీద పన్ను వేయరు, పన్నుకు ముందున్న లాభం మీద వేస్తారు. 2,250 బస్తాలు ఆడించారనుకోండి. 1,500 చొప్పున 33.75 లక్షలు, అందులో 18 పోతే లాభం 15.75. దాని మీద 31.2 శాతం అంటే 4.91 లక్షలు. మిగిలేది 10.84. లక్షకు పైగా తక్కువ. ఇలా వచ్చిన అంకెతో ముందు నుంచి ఒకసారి లెక్క నడిపి చూస్తే ఎవరి జవాబు తప్పో తెలిసిపోతుంది, వాదన అక్కర్లేదు.

వంద రూపాయల లాభంలో 31.20 పోతే చేతికి వచ్చేది 68.80. కాబట్టి 12 లక్షలను 0.688తో భాగించాలి. 17.44 లక్షలు వస్తుంది. పన్నుకు ముందు ఫర్మ్ సంపాదించాల్సిన లాభం అదీ. దానికి 18 కలిపితే 35.44, బస్తాకి 1,500 లెక్కన 2,363 బస్తాలు. అమ్మకం సుమారు 3.31 కోట్లు. సరిచూసుకోండి: 2,363 బస్తాలకు లాభం 17,44,500, పన్ను 5,44,284, మిగిలేది 12,00,216.

మీ బావమరిది పన్నునే మర్చిపోయారు. ఆ ఎక్సెల్ షీటు వాళ్లు 18 లక్షల ఖర్చునూ, 12 లక్షల లాభాన్నీ కలిపేసి మొత్తం 30ని 0.688తో భాగించారు. షెడ్డు అద్దె మీద పన్ను ఎవరు కడతారండీ? భాగించాల్సింది లాభాన్ని మాత్రమే.

```
బస్తాలు = (18,00,000 + 12,00,000 / 0.688) / 1,500
```

రాజాం_రైడర్

వాచ్‌మన్ జీతం మీద కూడా మనమే పన్ను కట్టాలని ఆ షీటు వాడి ఉద్దేశం. దేశభక్తుడు.

ఉద్దానం_కొబ్బరి

నాకు చిన్న డౌటు. పన్ను లెక్కలోకి తీసుకుంటే బ్రేక్ ఈవెన్ కూడా పెరుగుతుంది కదా? మా అబ్బాయి డిగ్రీ కామర్స్, వాడు పెరగదంటున్నాడు.

గజపతినగరం_గుమాస్తా

అబ్బాయి చెప్పిందే నిజం. 18 లక్షలను 1,500తో భాగిస్తే 1,200 బస్తాలు. అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు. లాభమే లేనప్పుడు పన్ను దేని మీద? పన్ను 1,201వ బస్తా నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి బస్తాకి 1,500 వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ మీకు చెందేది 1,032. ఆ లెక్కలో వెళ్లినా అదే జవాబు వస్తుంది. 12 లక్షలను 1,032తో భాగించి, ముందున్న 1,200 కలపండి.

ఉద్దానం_కొబ్బరి

ఇది బాగుంది. మొదటి 1,200 బస్తాలు షెడ్డుకీ, బ్యాంకుకీ. ఆ తర్వాత ప్రతి బస్తాలో మూడో వంతు ఢిల్లీకి.

పలాస_పిక్క

గజపతినగరం గుమాస్తా గారూ, లెక్క అర్థమైంది గానీ నా పని ఇంకా కష్టమైంది. 2,363 మా షెడ్డులో పట్టదు. 113 బస్తాల కోసం కొత్త బల్ల, ఒక మేస్త్రీ, కొంచెం జాగా అంటే ఏడాదికి ఇంకో లక్షన్నర ఖర్చు అవుతుంది.

గజపతినగరం_గుమాస్తా

అప్పుడు 18 కాస్తా 19.5 అవుతుంది కాబట్టి 2,363 కూడా చాలదు. 2,463 అవుతుంది. లక్షన్నరను రాబట్టుకోవడానికే వంద బస్తాలు పోతాయి. 2,251వ బస్తా ఆడించాలని అనుకున్న రోజే ఆ ఖర్చంతా నెత్తిన పడుతుంది, కొంచెం కొంచెంగా పడదు. ఓవర్‌టైం పెట్టి నడపగలరేమో ముందు చూడండి. అప్పుడు ఆ అదనపు బస్తాలకు కూలి పెరిగి మిగులు 1,500 కంటే తగ్గుతుంది, కానీ లక్షన్నర మాత్రం పడదు.

టెక్కలి_రాయి

ఎందుకండీ ఇంత తలనొప్పి? అంచనా లాభం పద్ధతిలో పడిపోండి. డిజిటల్‌గా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం లాభం చూపిస్తే చాలు, పుస్తకాలు కూడా రాయక్కర్లేదు. మా క్రషర్ దగ్గర ఉన్న వెల్డింగ్ షాపు వాడు హాయిగా కడుతున్నాడు.

కోట_జంక్షన్

దానికి 3 కోట్ల లిమిట్ ఉంది, అదీ నగదు 5 శాతం దాటకపోతేనే. ఆయన అమ్మకం 3.31 కోట్లు. కుదరదు.

గజపతినగరం_గుమాస్తా

3 కోట్ల లోపున్నా వీళ్లకు అది నష్టమే. వెల్డింగ్ షాపులో నూటికి ముప్పయ్యో నలభయ్యో మిగులుతుంది, 6 శాతం చూపిస్తే లాభమే. జీడిలో 14,000 అమ్మితే అన్ని ఖర్చులూ పోగా మిగిలేది 4, 5 శాతం. 2.9 కోట్ల అమ్మకానికి 6 శాతం అంటే 17.4 లక్షలు. రాని లాభం మీద పన్ను కట్టినట్టే. పైగా ఆ పద్ధతిలో వెళ్లిన ఫర్మ్‌కి పార్టనర్ల జీతాన్ని ఖర్చుగా తీసేసుకునే వీలు ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పలాస_పిక్క గారూ, మీ పార్టనర్‌షిప్ డీడ్‌లో పార్టనర్లకు జీతం రాశారా?

పలాస_పిక్క

రాయలేదండీ. లాభంలో చెరి సగం అని ఉంది, అంతే. ఇద్దరం పొద్దున్నుంచి రాత్రి దాకా షెడ్డులోనే ఉంటాం. జీతం ఎందుకు అనుకున్నాం, మన డబ్బే కదా.

గజపతినగరం_గుమాస్తా

మీ డబ్బే. కానీ లాభంగా తీసుకుంటే ముందు ఫర్మ్ 31.2 శాతం కట్టాలి. జీతంగా తీసుకుంటే ఫర్మ్‌కి అది ఖర్చు, పన్ను మీ సొంత లెక్కలో పడుతుంది. సొంత లెక్కలో కొత్త పన్ను విధానం కింద 2025-26లో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను సున్నా. మీ ఇద్దరికీ వేరే ఆదాయం పెద్దగా లేదనుకుంటే ఆ జీతం మీద ఇద్దరూ ఏమీ కట్టక్కర్లేదు.

ఎంతైనా రాసుకోవచ్చా అంటే, లేదు. జీతం తీయకముందు ఉన్న లాభంలో మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆపైన ఉన్నదాని మీద 60 శాతం దాకా ఒప్పుకుంటారు. ఆ లాభం 13 లక్షలు అనుకోండి. 6 మీద 5.4, మిగతా 7 మీద 4.2, మొత్తం 9.6 లక్షలు ఇద్దరికీ కలిపి జీతం. ఫర్మ్ దగ్గర మిగిలేది 3.4, దాని మీద పన్ను 1.06. అది పోగా మిగిలిన 2.34 లాభం వాటాగా మీకే వస్తుంది, దాని మీద మళ్లీ పన్ను లేదు. 9.6, 2.34 కలిపితే 11.94 లక్షలు. అంటే 12 లక్షలకు దాదాపు వచ్చేశారు.

కచ్చితంగా కడితే జీతానికి ముందు లాభం 13.07 లక్షలు కావాలి. 18 కలిపి 1,500తో భాగిస్తే 2,072 బస్తాలు. ఇందాక 2,363 అన్నది ఇప్పుడు 2,072 అయింది. కొత్త బల్ల వద్దు, మేస్త్రీ వద్దు. డీడ్‌లో జీతం ఎంత, ఎలా లెక్కగట్టాలి అన్నది రాసుకోవాలి, అది రాసిన తేదీ నుంచే చెల్లుతుంది. ఏడాది చివర్లో గుర్తొచ్చి వెనక తేదీ వేస్తామంటే కుదరదు.

పలాస_పిక్క

291 బస్తాలు! ఒక్క కాగితానికి!

వంశధార_వాణి

మా ఆయన ఫర్మ్‌లో నన్ను పార్టనర్‌గా పెట్టారు. నేను ఆ షాపు గడప తొక్కింది పూజ రోజునే. నాకూ జీతం రాసుకోవచ్చా అన్నా?

గజపతినగరం_గుమాస్తా

పనిచేసే పార్టనర్‌కే అమ్మా. పూజ లెక్కలోకి రాదు. లాభం వాటా మాత్రం మామూలుగా వస్తుంది.

వంశధార_వాణి

అయితే రేపటి నుంచి షాపుకి వెళ్తాను, అప్పుడు ఆయనకి తెలుస్తుంది.

బొబ్బిలి_జంతిక

నాకు ఈ ఫర్మ్ గొడవ తెలీదు గానీ స్లాబులు ఉంటాయి కదా? 0.688 ఏంటి? నాది స్వీట్ షాపు. పోయిన ఏడాది 12 లక్షల 60 వేలు లాభం చూపిస్తే 60 వేలూ పన్నుకే పోయింది, పైన సెస్సు కూడా పడింది. మా ఆడిటర్ 12 దగ్గర ఆగిపోతే ఇంతకంటే ఎక్కువ మిగిలేది అన్నాడు. ఆ 60 వేల కోసం సంక్రాంతికి రాత్రిళ్లు బాణలి దగ్గర నిలబడ్డాను.

కోట_జంక్షన్

జంతిక గారూ, మీది సొంత వ్యాపారం, ఆయనది ఫర్మ్. ఫర్మ్‌కి స్లాబులు ఉండవు, మొదటి రూపాయి నుంచి 30 శాతం. మీ లెక్క ఆయనకు వర్తించదు.

గజపతినగరం_గుమాస్తా

వర్తించకపోయినా జంతిక గారి కేసు చెప్పుకోదగ్గదే. సొంత వ్యాపారంలో 12 లక్షలు దాటిన వెంటనే రిబేటు పోతుంది. అప్పుడు ఒక్కసారిగా 60 వేలు పడకుండా, 12 దాటినంత మేరకే పన్ను వేస్తారు. దాంతో 12 నుంచి 12.70 దాకా సంపాదించినదంతా పన్నుకే సరిపోతుంది. ఆ మధ్యలో ఎంత అమ్మినా చేతికి పెరగదు, సెస్సు వల్ల కాస్త తగ్గుతుంది కూడా. కాబట్టి సొంత వ్యాపారస్తుడు 12 లక్షలు మిగలాలంటే లాభం 12 దగ్గరే టార్గెట్ పెట్టుకోవచ్చు. అంతకంటే ఎక్కువ కావాలంటే ఆ గుంతను దాటి అవతలికి వెళ్లాలి.

14 లక్షలు చేతికి కావాలంటే ఒకే శాతంతో భాగించడం కుదరదు. మెట్టు మెట్టుగా వెళ్లాలి. 15 లక్షల లాభానికి పన్ను, సెస్సు 1,09,200, మిగిలేది 13,90,800. ఇంకా 9,200 కావాలి. ఆ మెట్టు మీద రేటు 15 శాతం, సెస్సుతో 15.6. 9,200ని 0.844తో భాగిస్తే 10,900. అంటే లాభం 15,10,900 ఉండాలి. దానికి మీ షాపు అద్దె, జీతాలు కలిపి, కిలో స్వీటు మీద మిగులుతో భాగించుకోండి.

బొబ్బిలి_జంతిక

అంటే నేను ఆ గుంతలోనే పడ్డానన్నమాట. ఈసారి సంక్రాంతికి కుర్రాణ్ని పెడతాను, వాడి జీతం ఖర్చులో పోతుంది.

రాజాం_రైడర్

జంతికలు పంపితే మిగతా లెక్క నేను చేసి పెడతా.

నాగావళి_ఒడ్డు

అందరూ పన్ను దగ్గరే తిరుగుతున్నారు. నేను వేరే అడుగుతాను. పలాస_పిక్క, మీ ఖర్చుల్లో బ్యాంకు వడ్డీ రాశారు. కిస్తీలో అసలు ఎంత పోతోంది? మేము విజయనగరంలో ప్రింటింగ్ మిషన్ కొన్నప్పుడు పుస్తకాల్లో లాభం బ్రహ్మాండంగా ఉండేది, ఇంట్లోకి తెచ్చుకుందామంటే ఖాతాలో డబ్బు ఉండేది కాదు. అసలు కట్టేది ఖర్చు కాదు కాబట్టి లాభం లెక్కలో కనిపించదు, పన్నులో కూడా తగ్గదు.

పలాస_పిక్క

టర్మ్ లోన్ మీద అసలు ఏడాదికి 5 లక్షలు పోతుంది. అది ఎక్కడా రాయలేదు. మేం 12 లక్షలు అన్నది మా రెండు ఇళ్లకి తీసుకెళ్లే డబ్బు.

నాగావళి_ఒడ్డు

అయితే మీకు కావాల్సింది 12 కాదు. 12కి అసలు 5 కలపాలి. అదే సమయంలో తరుగుదల 3 లక్షలు ఖర్చుగా రాశారు గానీ అది ఎవరికీ ఇచ్చింది కాదు, ఖాతాలోనే ఉంటుంది. అది తీసెయ్యాలి. 12, 5 కలిపి 3 తీస్తే 14 లక్షలు. పన్ను పోగా మీకు కావాల్సిన లాభం అదీ.

గజపతినగరం_గుమాస్తా

నాగావళి గారు సరైన చోట పట్టుకున్నారు. జీతం పద్ధతిలోనే 14కి కడితే జీతానికి ముందు లాభం 15.35 లక్షలు కావాలి. 18 కలిపితే 33.35. బస్తాలు 2,224. షెడ్డులో పడుతుంది, కానీ 26 బస్తాల సందు మాత్రమే ఉంది. మూడు రోజులు పని ఆగితే అయిపోయింది.

ఇంకో మాట. 2025 ఏప్రిల్ నుంచి ఫర్మ్ పార్టనర్‌కి ఇచ్చే జీతం ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది గానీ అప్పటిదాకా సుమారు లక్ష రూపాయలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. ఇంటి ఖర్చులకు ఆ సంగతి కూడా చూసుకోండి.

పలాస_పిక్క

బావమరిదికి ఈ చర్చ మొత్తం పంపాను. "2,000 అన్నాను కదా, దగ్గరగానే ఉన్నాను" అంటున్నాడు.

రాజాం_రైడర్

బావమరిది ఎప్పుడూ కరెక్టే. ఇంట్లో ప్రశాంతత కావాలంటే ఇది రాసి పెట్టుకో.

కోట_జంక్షన్

ఒక అభ్యంతరం. వడ్డీ 4.2 లక్షలను బస్తాలతో సంబంధం లేనిదాంట్లో వేశారు. జీడి వ్యాపారంలో పిక్కలు కొనడానికే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అదే ఓడీ వాడతారు. ఎక్కువ బస్తాలు అంటే ఎక్కువ ఓడీ, ఎక్కువ వడ్డీ. అది ఫిక్స్‌డ్ ఎలా అవుతుంది?

గజపతినగరం_గుమాస్తా

మంచి ప్రశ్న. పలాస_పిక్క గారూ, 4.2లో ఓడీ వడ్డీ ఎంత, పోయిన ఏడాది ఎన్ని బస్తాలు ఆడించారు?

పలాస_పిక్క

ఓడీ వడ్డీ 2.4. ఆడించింది 2,000 బస్తాలు.

గజపతినగరం_గుమాస్తా

అంటే బస్తాకి 120 పడుతోంది. దాన్ని బస్తా ఖర్చులో వేస్తే మిగులు 1,380, ఫిక్స్‌డ్ ఖర్చు 15.6 లక్షలు. మళ్లీ కడితే 2,244 బస్తాలు. 2,224కి 20 ఎక్కువ. పెద్ద తేడా లేదు గానీ ఉన్న సందు 6 బస్తాలకు వచ్చింది.

కోట_జంక్షన్

బస్తాకి 120 అనడం కూడా సరి కాదు. మార్చి నుంచి మే దాకా మన పిక్క వస్తుంది. సీజన్‌లో కొని నిల్వ చేస్తే ఓడీ నెలల తరబడి నిలబడుతుంది. సీజన్ అయ్యాక ఆఫ్రికా పిక్క వారం వారం కొంటే వడ్డీ తక్కువ. వడ్డీ బస్తాల మీద ఆధారపడదు, ఎన్నాళ్లు నిల్వ ఉంచారన్న దాని మీద ఆధారపడుతుంది.

గజపతినగరం_గుమాస్తా

నిజమే. కానీ నెలవారీ నిల్వ లెక్క లేకుండా ఇంతకంటే ముందుకు వెళ్లలేం. నేనైతే ఫిక్స్‌డ్‌లో ఒకసారి, బస్తా ఖర్చులో ఒకసారి వేసి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటాను.

కోట_జంక్షన్

నేను ఒప్పుకోను. నిల్వ లెక్క లేకుండా వచ్చిన 2,244 కూడా ఊహే.

నాగావళి_ఒడ్డు

బస్తాల సంఖ్య గురించి ఇంత పోట్లాడుతున్నారు గానీ, అది మీ చేతిలో ఉన్న విషయం. చేతిలో లేనిది పిక్క ధర. కిలోకి 5 రూపాయలు పెరిగిందనుకోండి, బస్తాకి 400. మిగులు 1,100కి పడిపోతుంది. బ్రేక్ ఈవెనే 1,200 నుంచి 1,637కి వెళ్తుంది. మీ 12 లక్షలకైతే 3,000 దాటి ఆడించాలి, మీ షెడ్డులో అది జరగని పని.

అందుకే లెక్కను తిప్పి వేయండి. షెడ్డు గరిష్ఠం 2,250. కావాల్సింది 33.35 లక్షలు. భాగిస్తే బస్తాకి 1,482. ఇప్పుడు మీకు వచ్చేది 1,500. తేడా 18 రూపాయలు, కిలో పిక్కకు 22 పైసలు. పప్పు ధర పెరగకుండా పిక్క 135 రూపాయల 22 పైసలు దాటిందంటే ఎంత ఆడించినా 12 లక్షలు రావు.

పలాస_పిక్క

22 పైసలా? మార్కెట్లో బేరం ఆడేటప్పుడు రూపాయి అటూ ఇటూ అవుతుందండీ.

ఉద్దానం_కొబ్బరి

ధరే కాదు. కటింగ్‌లో గుండు విరిగి ముక్క అయితే అదే కిలోకి రేటు ఎంతో తగ్గిపోతుంది. పిక్క ఆవిరి సరిగ్గా పట్టకపోయినా, తేమ ఉన్న పిక్క కొన్నా ముక్క శాతం పెరుగుతుంది. మా ఊళ్లో ఒకాయన పిక్కను రూపాయి తక్కువకి కొని సంబరపడ్డాడు, ముక్క ఎక్కువ వచ్చి బస్తాకి 300 పోగొట్టుకున్నాడు. మీ 14,000 సగటు ఏ నెలది? ఏడాది మొత్తానిదా?

పలాస_పిక్క

దసరా, దీపావళి నెలలది. అప్పుడే గుర్తుంది.

గజపతినగరం_గుమాస్తా

పండగ నెలల రేటు ఏడాది మొత్తానికి వేయకండి. పన్నెండు నెలల అమ్మకం డబ్బు, ఆడించిన బస్తాలు తీసుకుని భాగించండి. మొదలు, చివర ఉన్న పప్పు నిల్వ సర్దుకోండి. 14,000 కాస్తా 13,800 అయితే మిగులు 1,300, అప్పుడు 2,566 బస్తాలు కావాలి.

టెక్కలి_రాయి

సొంత పిక్క మానేసి కూలికి ఆడించు తమ్ముడూ. విశాఖ నుంచి పెద్ద పార్టీలు పిక్క పంపి, బస్తాకి ఇంత అని ఇస్తారు. ధర పెరిగినా తగ్గినా నీకు టెన్షన్ లేదు.

పలాస_పిక్క

ఒక పార్టీ బస్తాకి 2,600 ఇస్తామన్నారు అన్నా. కూలి 1,250, కట్టె, కరెంటు ఓ 300 పోతే వెయ్యి చిల్లర మిగులుతుంది.

నాగావళి_ఒడ్డు

1,050. అప్పుడు ఓడీ అక్కర్లేదు కాబట్టి ఫిక్స్‌డ్ ఖర్చు 15.6కి తగ్గుతుంది. అయినా 12 లక్షలకి 2,948 బస్తాలు. షెడ్డు చాలదు. సగం సొంతం, సగం కూలి పెడితే ఎలా ఉంటుందో చూడాలి, కానీ ఆ రెండూ కలిపిన లెక్కకి నిష్పత్తి ముందే తేల్చుకోవాలి. ఆ పార్టీ ఏడాదికి ఎన్ని బస్తాలకి మాట ఇస్తుందో కాగితం మీద రాయించుకున్నారా?

పలాస_పిక్క

ఇంకా లేదు. సోమవారం పిలిచారు. పన్నెండు నెలల అమ్మకాల లెక్క మా గుమాస్తా తీస్తున్నాడు, వచ్చాక ఇక్కడే పెడతాను.

కోట_జంక్షన్

నెలవారీ నిల్వ కూడా తీయించండి. వడ్డీ సంగతి నేను వదలను.